ఒకే తప్పు జవాబు, రెండు వేర్వేరు దారులు: వృత్తం మీద (5, −7) దగ్గర స్పర్శరేఖ వాలు

బెంగళూరు మారతహళ్లిలో సెకండ్ పీయూసీ చదివే తెలుగు పిల్లల ట్యూషన్ బ్యాచ్‌కి ఇచ్చిన ఒక ప్రశ్న, దానికి వచ్చిన రెండు జవాబు పత్రాలు ఈ కేసుకు ఆధారం. ప్రశ్న ఇది:

```
x² + y² − 4x + 6y − 12 = 0
```

ఈ వృత్తానికి (5, −7) దగ్గర గీసిన స్పర్శరేఖ వాలు ఎంత?

సరైన జవాబు 3/4. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి మాత్రం ఇద్దరూ −3/4 అని రాశారు. చివరి గీత మాత్రమే చూసే వాళ్లకు ఇక్కడ రెండు అనుమానాలే వస్తాయి: ఒకరిది చూసి ఒకరు రాశారని, లేకపోతే ఇద్దరూ చివర్లో మైనస్ గుర్తు దగ్గర జారారని. పత్రాలు పైనుంచి కిందికి చదివితే రెండూ నిజం కాదని తెలుస్తుంది. y ని విడదీయకుండా సమీకరణాన్ని ఉన్నదున్నట్టు డిఫరెన్షియేట్ చేసే ఇంప్లిసిట్ పద్ధతి జోలికే అబ్బాయి పోలేదు, తప్పు వర్గమూలం ఎంచుకున్నాడు. అమ్మాయి ఇంప్లిసిట్ పద్ధతిలోనే చేసింది, అందులో అందరూ తడబడే చైన్ రూల్ కూడా సరిగ్గానే రాసింది, కానీ 12ని డిఫరెన్షియేట్ చేయకుండా వదిలేసింది. ఒకరికి చెప్పాల్సిన మాట ఇంకొకరికి పనికిరాదు.

లెక్కలోకి దిగేముందు బొమ్మ గీయాలి. x ముక్కల్నీ y ముక్కల్నీ వర్గాలుగా పూర్తి చేస్తే సమీకరణం ఇలా మారుతుంది:

```
(x − 2)² + (y + 3)² = 25
```

కేంద్రం (2, −3), వ్యాసార్థం 5. గ్రాఫ్ కాగితం మీద ఒక సెంటీమీటరును ఒక యూనిట్‌గా తీసుకుని, కంపాస్ ముల్లు (2, −3) దగ్గర గుచ్చి, 5 సెంటీమీటర్లు తెరిచి తిప్పితే వృత్తం వస్తుంది. (5, −7) కేంద్రానికి కుడివైపు 3, కిందికి 4 దూరంలో ఉంది. అంటే వృత్తంలో కింది కుడి భాగం. అక్కడ పెన్సిల్‌ని కుడివైపు నడిపిస్తే గీత పైకి ఎక్కుతుంది. కాబట్టి వాలు ధనాత్మకమే కావాలి. ఒక్క నిమిషం పట్టే ఈ పనితోనే −3/4 తప్పని తేలిపోతుంది. రెండు పత్రాల్లోనూ బొమ్మ లేదు.

ఇక అబ్బాయి పత్రం. అతను y ని విడదీశాడు:

```
(y + 3)² = 25 − (x − 2)²
y = −3 + √(25 − (x − 2)²)
dy/dx = −(x − 2) / √(25 − (x − 2)²)
x = 5:  dy/dx = −3/√16 = −3/4
```

డిఫరెన్షియేషన్‌లో ఒక్క తప్పు లేదు. వర్గమూలం లోపలి దాన్ని కూడా చక్కగా డిఫరెన్షియేట్ చేశాడు. తప్పంతా రెండో గీతలో ఉంది. (y + 3)² నుంచి y + 3 కి వెళ్లేటప్పుడు రెండు మూలాలు వస్తాయి, ఒకటి ప్లస్, ఒకటి మైనస్. ప్లస్ తీసుకుంటే వృత్తం పై సగం, మైనస్ తీసుకుంటే కింది సగం. మన బిందువు కింది సగంలో ఉంది. అతను రాసిన y లో x = 5 పెడితే −3 + 4, అంటే 1 వస్తుంది. అతను కనుక్కున్నది (5, 1) దగ్గరి వాలు. ఆ బిందువు దగ్గర −3/4 నూటికి నూరుపాళ్లు సరైనది. అడిగిన బిందువు అది కాదు, అంతే.

అతని మాట వింటే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. “సార్, చివర్లో x మాత్రమే ఉంది కదా, −7 ఎక్కడా పెట్టే పని పడలేదు” అన్నాడు. తప్పు తెలిసే ఆనవాలు అదే. x = 5 దగ్గర ఈ వృత్తం మీద రెండు బిందువులున్నాయి, (5, 1), (5, −7). ఒకే x కి రెండు వేరు వాలులు ఉన్నప్పుడు, జవాబులోకి y ఏదో ఒక రూపంలో రాకుండా ఆ రెంటిలో ఏది అడిగారో తేలదు. వర్గమూలం దారిలో ఆ ఎంపిక మొదట్లోనే, గుర్తు రాసేటప్పుడే జరిగిపోతుంది. ఇంప్లిసిట్ దారిలో y చివరి దాకా మిగిలే ఉంటుంది కాబట్టి ఎంపిక చివర్లో బిందువు పెట్టినప్పుడు దానంతట అదే జరుగుతుంది. వృత్తానికి ఇంప్లిసిట్ పద్ధతి వాడమని చెప్పడానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం. లెక్క పొట్టిగా అవుతుందన్నది దాని తర్వాతి మాటే.

అమ్మాయి పత్రం చూసేముందు సరైన ఇంప్లిసిట్ లెక్కను నిదానంగా చూడాలి, ఎందుకంటే ఆమె తప్పు ఎక్కడ మొదలైందో దాంతో పోల్చి చూస్తేనే కనిపిస్తుంది.

సమీకరణంలో y ని విడదీయం. (5, −7) చుట్టూ ఉన్న చిన్న ముక్కలో x మారితే y కూడా దాని వెంట మారుతుంది, అంటే అక్కడ y అనేది x మీద ఆధారపడ్డదే, దాని సూత్రం మాత్రం మనం రాయడం లేదు. అలా అనుకుని రెండు పక్కలా x తో డిఫరెన్షియేట్ చేస్తాం:

```
2x + 2y·(dy/dx) − 4 + 6·(dy/dx) − 0 = 0
(2y + 6)·(dy/dx) = 4 − 2x
dy/dx = (2 − x) / (y + 3)
(5, −7):  dy/dx = (−3)/(−4) = 3/4
```

చైన్ రూల్ వల్ల y ఉన్న ప్రతి ముక్క వెనకా dy/dx వస్తుంది, x మాత్రమే ఉన్న ముక్కల వెనక రాదు. ఈ మాట పిల్లలు బట్టీ పడతారు, కానీ ఎందుకో చాలామందికి తెలియదు. y² కి 2y అనేది y తో పోల్చిన మార్పు. మనకు కావాల్సింది x తో పోల్చిన మార్పు. ఈ రెంటికీ తేడా ఎంతో క్యాలిక్యులేటర్ మీద చూపించవచ్చు. x ని 5 నుంచి 5.01 కి జరిపి, వృత్తం కింది సగం మీదే ఉంటూ y ఎంతో చూస్తే:

```
x = 5      y = −7          y² = 49
x = 5.01   y ≈ −6.99248    y² ≈ 48.8948
```

x 0.01 పెరిగితే y² సుమారు 0.1052 తగ్గింది. అంటే x తో పోల్చిన మార్పు రేటు సుమారు −10.52. 2y మాత్రమే తీసుకుంటే −14 వస్తుంది, అది దరిదాపుల్లో కూడా లేదు. 2y ని 3/4 తో గుణిస్తే −10.5. ఇది కలుస్తుంది, x ని ఇంకా తక్కువ జరిపితే తేడా ఇంకా తగ్గుతుంది. y మార్పునే చూస్తే 0.00752ని 0.01తో భాగించి 0.752 వస్తుంది, 3/4 కి పక్కనే. ఎడమవైపు 4.99 కి జరిపితే 0.748 వస్తుంది. అసలు వాలు ఈ రెంటి మధ్యా ఉంది. ఇంత వివరం ప్రతి లెక్కకూ అక్కర్లేదు. కానీ ఒక్కసారి చేయిస్తే ఆ dy/dx ఎందుకు వచ్చిందో మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు.

ఇప్పుడు అమ్మాయి పత్రం. ఆమె ముందు 12ని కుడివైపుకి పంపింది:

```
x² + y² − 4x + 6y = 12
2x + 2y·(dy/dx) − 4 + 6·(dy/dx) = 12
10 − 14·(dy/dx) − 4 + 6·(dy/dx) = 12
6 − 8·(dy/dx) = 12
dy/dx = −6/8 = −3/4
```

ఎడమపక్క మొత్తం సరిగ్గా ఉంది. కుడిపక్క 12 అలాగే ఉండిపోయింది. “కుడివైపు x గానీ y గానీ లేవు కదా మేడమ్, అందుకే దాన్ని ముట్టుకోలేదు” అన్నది ఆమె చెప్పిన కారణం. బ్యాచ్ చూసే ఇద్దరిలో లెక్క దిద్దిన మేడమ్ ఈ కారణాన్ని తేలిగ్గా తీసుకోలేదు, తీసుకోకూడదు కూడా. చిన్న తరగతుల నుంచీ సమీకరణానికి కుడివైపు ఉన్న సంఖ్యను జవాబులా చూడటం అలవాటై ఉంటుంది. ఎడమవైపు పని చేస్తాం, కుడివైపు ఫలితం ఉంటుంది. డిఫరెన్షియేషన్‌లో ఆ అలవాటు చెల్లదు. రెండు పక్కలూ సమానమైనప్పుడు రెంటి మార్పు రేట్లూ సమానం. 12 ఎప్పుడూ 12గానే ఉంటుంది, కాబట్టి దాని మార్పు రేటు సున్నా. ఆమె రాసిన రెండో గీత ఎడమపక్క మార్పు రేటును కుడిపక్క విలువతో సమానం చేసింది.

దీన్ని బొమ్మ మీద చూస్తే ఇంకా గట్టిపడుతుంది. ఈ సమీకరణంలో 12 బదులు ఇంకో సంఖ్య పెడితే కేంద్రం మారదు, (2, −3) దగ్గరే ఉంటుంది. వ్యాసార్థం మాత్రమే పెరగడమో తగ్గడమో జరుగుతుంది. ఒకే కేంద్రం చుట్టూ ఉన్న వృత్తాలన్నింటికీ dy/dx రూపం ఒకటే, (2 − x)/(y + 3). అందులో 12 కనబడదు. అమ్మాయి లెక్కలో చివరి దాకా 12 ఉండటమే అనుమానించాల్సిన చోటు.

అయితే ఇద్దరి జవాబులూ ఎందుకు కలిశాయి? ఇది కేవలం ఈ సంఖ్యల వల్ల జరిగింది. సరైన లెక్కలో (5, −7) పెట్టాక 6 − 8·(dy/dx) = 0 వస్తుంది. 12 మిగిలిపోతే 6 − 8·(dy/dx) = 12. 12 అనేది సరిగ్గా 6కి రెట్టింపు కావడంతో, ఎడమవైపు 6ని కుడివైపుకి తీసుకెళ్తే −6 కి బదులు +6 మిగిలింది, జవాబు గుర్తు మాత్రమే తిరగబడింది. అబ్బాయి జవాబు కూడా వృత్తం పైసగానికీ కింది సగానికీ ఉన్న సౌష్ఠవం వల్ల గుర్తు తిరగబడ్డదే. రెండు వేరు తప్పులు ఒకే చోట కలిసేలా ప్రశ్నలోని సంఖ్యలు కుదిరాయి. ప్రశ్న ఇచ్చిన వాళ్లు దీన్ని ముందే చూసుకుని ఉంటే ఇంకో బిందువు ఇచ్చేవాళ్లు.

ఇంకో బిందువు ఇవ్వడమే తర్వాతి పని. అదే వృత్తం మీద (−1, −7) ఇచ్చారు. ఇది కింది ఎడమ భాగం, కుడివైపు నడిస్తే గీత కిందికి దిగుతుంది, సరైన వాలు −3/4. ప్లస్ మూలం పట్టుకున్న వాళ్లకు ఇక్కడ +3/4 వస్తుంది. 12ని వదిలేసిన వాళ్లకు −6 − 8·(dy/dx) = 12 అయ్యి −9/4 వస్తుంది. ఒక్క ప్రశ్నతో రెండు తప్పులూ విడిపోయాయి, ఎవరి సంఖ్య వాళ్లకు వచ్చింది. ఇలా తప్పులను వేరు చేసే ప్రశ్న కావాలంటే వృత్తం మీద పూర్ణసంఖ్యల బిందువులు ఎక్కువ ఉండాలి. వ్యాసార్థం 5 అయితే 3, 4, 5 త్రిభుజం వల్ల కేంద్రం నుంచి మూడూ నాలుగూ దూరాల్లో ఎనిమిది బిందువులు, అక్షాల దిశలో ఇంకో నాలుగు, మొత్తం పన్నెండు దొరుకుతాయి. ఇందుకే ఈ లెక్కలకు 5 వ్యాసార్థం అంత అనువైనది.

ఇప్పుడు సరిచూసుకోవడం గురించి. వృత్తానికి ఉన్న సౌలభ్యం ఏమిటంటే, డిఫరెన్షియేషన్ లేకుండానే జవాబు ఇంకో దారిలో తెలుస్తుంది. స్పర్శబిందువు దగ్గర వ్యాసార్థం స్పర్శరేఖకు లంబంగా ఉంటుందని యూక్లిడ్ తన ఎలిమెంట్స్ మూడో పుస్తకం 18వ ప్రతిపాదనలో నిరూపించాడు. (2, −3) నుంచి (5, −7) కి వ్యాసార్థం వాలు −4/3. లంబరేఖల వాలుల లబ్ధం −1 కావాలి. 3/4 ని −4/3 తో గుణిస్తే −1. సరిపోయింది.

తప్పు జవాబుకు ఇదే పరీక్ష పెడితే −3/4 × −4/3, అంటే +1 వస్తుంది. +1 రావడం ఒక ప్రత్యేకమైన ఆనవాలు: అంకె సరైనదే, గుర్తు తిరగబడింది. వేరే తప్పులకు ఇలా రాదు. ఉదాహరణకు, y² వెనక dy/dx గుర్తుంచుకుని 6y వెనక మర్చిపోవడం బ్యాచ్‌లలో తరచూ కనిపించే తప్పు. y² పెద్ద ముక్కలా కనబడుతుంది కాబట్టి జాగ్రత్త పడతారు, 6y ని చూడగానే చేయి దానంతట అదే 6 రాసేస్తుంది. అప్పుడు లెక్క ఇలా పోతుంది:

```
2x + 2y·(dy/dx) − 4 + 6 = 0
dy/dx = −(x + 1)/y
(5, −7):  dy/dx = 6/7
```

గుర్తు ధనాత్మకమే, 0.857 అనేది 0.75కి మరీ దూరం కాదు, చేత్తో గీసిన బొమ్మ మీద తేడా కంటికి ఆనదు. కానీ −4/3 తో గుణిస్తే −8/7 వస్తుంది, −1 కాదు. బొమ్మ పట్టుకోలేని తప్పును లబ్ధం పట్టుకుంటుంది. అయితే లబ్ధం పరీక్ష తప్పు ఉందని చెబుతుందే గానీ ఏ గీతలో ఉందో చెప్పదు. అబ్బాయికీ అమ్మాయికీ +1 వచ్చింది, కారణాలు మాత్రం వేరు. దాని కోసం dy/dx మొదటిసారి కనబడిన గీత దగ్గరికి వెళ్లి ముక్క ముక్కగా చదవాల్సిందే.

గ్రాఫ్ కాగితం మీద ఇంకో పరీక్ష ఉంది. వాలు 3/4 అయితే (5, −7) నుంచి కుడికి 4, పైకి 3 వెళ్లి (9, −4) దగ్గర చుక్క పెట్టి, రెంటినీ స్కేలుతో కలపాలి. ఆ గీత వృత్తాన్ని ఒక్కచోటే తాకుతుంది. −3/4 అయితే ఎడమకు 4, పైకి 3 వెళ్లాలి, (1, −4) వస్తుంది. అది కేంద్రం పక్కనే, వృత్తం నడిబొడ్డులో ఉంది. ఆ గీత వృత్తం లోపల 9.6 యూనిట్ల పొడవున సాగుతుంది, వృత్తం వ్యాసమే 10. దాన్ని చూశాక అబ్బాయి, అమ్మాయి ఇద్దరూ తమ జవాబును తామే కొట్టేశారు, ఇంకెవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు.

అమ్మాయి వాళ్లక్క గుంటూరులో ఇంటర్ చదివింది. ఆమెకు వృత్తాల పాఠంలోని స్పర్శరేఖ సూత్రం నోటికి వచ్చు: x² బదులు x·x₁, y² బదులు y·y₁, 2x బదులు x + x₁, 2y బదులు y + y₁ పెడితే స్పర్శరేఖ సమీకరణమే నేరుగా వస్తుంది. ఈ బిందువుకు అలా చేస్తే:

```
5x − 7y − 2(x + 5) + 3(y − 7) − 12 = 0
3x − 4y − 43 = 0
```

వాలు 3/4. “అక్క రెండు గీతల్లో చేసేసింది మేడమ్, నేనెందుకు ఇంత రాయాలి?” అని అమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్నే. వృత్తం ఒక్కటే చేయాలంటే అక్క దారే దగ్గర. సరిచూసుకోవడానికి కూడా అది మంచిది, కేంద్రం నుంచి ఆ గీతకు దూరం |6 + 12 − 43|/5, అంటే సరిగ్గా 5. కానీ ఆ సూత్రం రెండో ఘాతం దాటని సమీకరణాలకే పనిచేస్తుంది. x³ + y³ = 6xy లాంటి వక్రానికి కేంద్రమూ లేదు, వ్యాసార్థమూ లేదు, y ని విడదీయడమూ తేలిక కాదు. అక్కడ ఇంప్లిసిట్ పద్ధతి తప్ప సులువైన దారి ఉండదు, లబ్ధం పరీక్ష కూడా ఉండదు. అందుకని పద్ధతిలోని ప్రతి గీతనూ ముందు వృత్తం మీద, జవాబు ఇంకో దారిలో తెలిసిన చోట, నేర్చుకోవడం లాభం. పరీక్షలో కూడా ఇంప్లిసిట్ పద్ధతిలో చేయమని అడిగితే అక్క సూత్రానికి మార్కులు రావు.

మూడు హద్దులు ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇవి ఇదే వృత్తం మీద కనబడతాయి.

మొదటిది, బిందువు వృత్తం మీద ఉందో లేదో చూడకుండా మొదలుపెట్టడం. (5, −7)ని (5, 2) అని తప్పుగా ఎక్కించుకున్నారనుకుందాం. సూత్రం మారు మాట్లాడకుండా −3/5 అని చెబుతుంది. అది ఈ వృత్తానికి చెందిన వాలు కాదు. పైన చూసినట్టు dy/dx రూపంలో 12 లేదు, కాబట్టి మనం ఏ వృత్తం గురించి మాట్లాడుతున్నామో దానికి తెలియదు. అదే కేంద్రంతో (5, 2) గుండా వెళ్లే, √34 వ్యాసార్థం ఉన్న ఇంకో వృత్తం వాలు ఇచ్చింది. లబ్ధం పరీక్ష కూడా ఇక్కడ −1 అనే చెబుతుంది, తప్పును పట్టుకోదు. పట్టుకునేది ఒక్కటే: మొదటి గీతలోనే 25 + 4 − 20 + 12 − 12 చేసి చూస్తే 9 వస్తుంది, సున్నా కాదు.

రెండోది, (7, −3) లాంటి బిందువు. అక్కడ y + 3 సున్నా, లవంలో −5. కొందరు వాలు సున్నా అని రాస్తారు, ఇంకొందరు స్పర్శరేఖ లేదని రాస్తారు. రెండూ తప్పే. స్పర్శరేఖ ఉంది, అది నిట్టనిలువుగా ఉన్న x = 7. దానికి వాలు నిర్వచించలేం, అంతవరకే. y అనేది x మీద ఆధారపడుతుందని మనం మొదట్లో అనుకున్నది ఈ బిందువు చుట్టూ చెల్లదు, ఎందుకంటే 7కి కాస్త ఎడమన ప్రతి x కీ దగ్గరలోనే రెండు y లు ఉంటాయి, 7కి కుడివైపు ఒక్కటీ ఉండదు. అలాంటి చోట y ని ఆధారంగా తీసుకుని dx/dy కడితే (y + 3)/(2 − x), అంటే 0/(−5), సున్నా వస్తుంది. నిలువు గీత అని దాని అర్థం. దీనికి భిన్నంగా (2, 2) దగ్గర లవం సున్నా, హారం 5. అక్కడ వాలు నిజంగానే సున్నా, స్పర్శరేఖ అడ్డంగా ఉన్న y = 2.

మూడోది చిన్నదే. బిందువును ముందే పెట్టేసి ఆ తర్వాత డిఫరెన్షియేట్ చేస్తే 0 = 0 తప్ప ఏమీ మిగలదు. విలువలు పెట్టేది డిఫరెన్షియేషన్ అయ్యాకే. ఆ తర్వాత dy/dx ని విడదీసి పెట్టినా, అమ్మాయిలా పెట్టి విడదీసినా ఒకటే. నిజానికి ఒకే బిందువు అడిగినప్పుడు ఆమె చేసినట్టు వెంటనే విలువలు పెట్టడమే నయం, గుర్తుల తప్పులు తగ్గుతాయి.

మార్కుల విషయం. మూడు మార్కుల ప్రశ్న. ఈ బ్యాచ్‌లో డిఫరెన్షియేట్ చేసిన గీతకు ఒకటి, dy/dx విడదీయడానికి ఒకటి, బిందువు దగ్గర విలువకు ఒకటి అని పెట్టుకున్నారు. దాని ప్రకారం అమ్మాయికి విడదీసినందుకు ఒకటి వచ్చింది, మొదటిదాంట్లో సగం వచ్చింది. అబ్బాయికి ఏమివ్వాలన్నదే చర్చ అయింది. అతను చేసిన డిఫరెన్షియేషన్ అంతా సరైనదే, ప్రశ్నలో ఇంప్లిసిట్ పద్ధతి వాడాలని రాసి లేదు కూడా. వేరే బిందువుకు జవాబు చెప్పాడు కాబట్టి చివరి మార్కు మాత్రమే తీసేసి రెండు ఇవ్వడం సబబని నాకనిపిస్తుంది. చివరికి అలాగే ఇచ్చారు.

తర్వాత ఇచ్చిన పని ఇద్దరికీ వేరు. అబ్బాయి వర్గమూలం పద్ధతినే మళ్లీ చేయాలి, కానీ గుర్తు రాసే గీత పక్కనే బిందువు పెట్టి y సరిగ్గా వస్తుందో లేదో చూసుకోవాలి. −3 + 4 కి 1, −3 − 4 కి −7, కాబట్టి మైనస్. ఆ తర్వాత అదే లెక్క ఇంప్లిసిట్‌లో చేసి, y + 3 ఉన్న చోట తను ఎంచుకున్న మైనస్ మూలం దాక్కుని ఉందని చూసుకోవాలి. రెండు రూపాలూ ఒకటేనని అతనికి అర్థమైంది ఇక్కడే.

అమ్మాయికి అదే వృత్తాన్ని రెండో రూపంలో, (x − 2)² + (y + 3)² = 25 గా ఇచ్చి, (5, −7) దగ్గరే వాలు కనుక్కోమన్నారు. ముందులాగే కుడిపక్కను వదిలేస్తే ఏమవుతుందో కూడా పక్కనే రాయమన్నారు:

```
2(x − 2) + 2(y + 3)·(dy/dx) = 25
6 − 8·(dy/dx) = 25
dy/dx = −19/8
```

వృత్తం అదే, బిందువు అదే, ఎడమపక్క డిఫరెన్షియేట్ చేస్తే వచ్చింది కూడా అదే, 6 − 8·(dy/dx). సమీకరణం రాసిన తీరు మారగానే జవాబు −3/4 నుంచి −19/8 కి మారిపోయింది. గీసి ఉన్న ఒక గీతకు రెండు వాలులు ఉండవు. కుడిపక్క సున్నా పెట్టి చేస్తే రెండు రూపాల్లోనూ 3/4 వస్తుంది. అమ్మాయి రెండు లెక్కల్నీ ఒకదాని కింద ఒకటి పెట్టుకుని చూసి, 12నీ 25నీ తనే కొట్టేసి వాటి మీద సున్నా రాసింది.